ఒకే సంతకం

అవుకులో మా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి కొన్నేళ్లపాటు బయటికి వెళ్లిన కొటేషన్లన్నిటి మీదా ఉన్నది ఒకే సంతకం. అది నాదే. తెల్లకాగితం మీద నీలం జెల్ పెన్నుతో ఒక్కసారి పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి, వెనకాల కాగితం తెలుపంతా కంప్యూటర్లో తీసేసి, బొమ్మగా దాచుకున్నాను. ఆ తర్వాత రేట్లు టైపు చేయడం, కింద ఆ బొమ్మ అతికించడం, పంపేయడం. దాన్ని నేను డిజిటల్ సంతకం అనేవాణ్ణి. కొనేవాళ్లతో కూడా "డిజిటల్ సంతకం పెట్టి పంపించినానన్నా" అనే చెప్పేవాణ్ణి. చట్టం లెక్కలో అది డిజిటల్ సంతకమూ కాదు, ఎలక్ట్రానిక్ సంతకమూ కాదు. ఆ సంగతి తెలిసేసరికి ఒక పెద్ద ఆర్డరు మీద రావాల్సిన లాభం పోయింది. బనగానపల్లె, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నాలాంటి చిన్న వ్యాపారస్తులు ఎంతోమంది ఇప్పటికీ ఇదే పని చేస్తున్నారు. అందుకే నా మూర్ఖత్వాన్ని దాచుకోకుండా రాస్తున్నాను.

ఆ బొమ్మ తయారు చేసుకోవడానికి నేను పడ్డ శ్రమ తక్కువ కాదు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలో కాగితం మన కంటికి తెల్లగానే కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం ఒక మూల పసుపు, ఫోన్ నీడ పడిన మూల బూడిదరంగు. ఇంతకన్నా లేతగా ఉన్నదంతా తీసెయ్ అని ఒకే హద్దు పెడితే వెలుతురు ఉన్న వైపు శుభ్రమవుతుంది, నీడ వైపు మరక మిగిలిపోతుంది. ఆ మరక పోయేదాకా హద్దును జరిపితే సన్న గీతలు తెగిపోతాయి. నా సంతకం చివర సాగే తోక మొదట్లో అలాగే ఎగిరిపోయింది.

తర్వాత దారి దొరికింది. GIMP అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఫోటో తెరిచి, అదే పొరను ఇంకొకటి దాని మీద వేసుకోవాలి. పై పొరకు Gaussian Blur పెద్ద విలువతో కొట్టాలి. సంతకం గీతలు పూర్తిగా కరిగిపోయి, కాగితం మీది వెలుగునీడలు మాత్రమే మిగలాలి. అప్పుడు ఆ పొర మోడ్‌ను Divide అని మార్చితే, కింది ఫోటోలోని ప్రతి చుక్కనూ ఆ చోట కాగితానికి ఉన్న వెలుతురుతో భాగించినట్టవుతుంది. నీడ ఉన్న మూలా లేని మూలా ఒకే తెలుపుకు వస్తాయి. రెండు పొరలనూ కలిపేసి, Levels లో లేత బూడిదను తెలుపులోకి, గీతను ముదురులోకి తోసేసి, చివర Color to Alpha తో తెలుపును పారదర్శకం చేయాలి. దాచేటప్పుడు PNG గానే దాచాలి. JPEG లో పారదర్శకత నిలవదు, పైగా గీతల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు మిగులుతాయి.

ఇలా చేసిన బొమ్మను మా ఫ్యాక్టరీ రబ్బరు స్టాంపు బొమ్మ మీదికి కాస్త ఎక్కేలా పెడితే, గీతల సందుల్లోంచి స్టాంపు అక్షరాలు కనిపించేవి. ప్రింటు తీస్తే అప్పుడే పెన్నుతో పెట్టినట్టు ఉండేది. చూసినవాళ్లు నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను. సంతకం ఎంత శుభ్రంగా ఉంటే కొటేషన్‌కు అంత బలం అనుకున్నాను. ఆ శుభ్రత నాకంటే దొంగకే ఎక్కువ పనికొస్తుందని తట్టలేదు.

రెండో తప్పు దీనికంటే పెద్దది. దూరపు ఊరి బిల్డరుకు రాళ్లు ఇప్పించే మధ్యవర్తి ఒకాయన, "అన్నా, సైజుల్లో చిన్న మార్పులుంటాయి, వర్డ్ ఫైలు పంపించు, మళ్లీ మళ్లీ నిన్ను విసిగించను" అన్నాడు. పంపించాను. బొమ్మ సంతకంతో సహా. పదివేల చదరపు అడుగుల పాలిష్ రాయి, అడుగు 26 రూపాయలు, లోడింగ్, లారీ కిరాయి వాళ్లవే అని అందులో ఉంది. సరుకు దిగాక బిల్డరు చేతిలో ఉన్న కాగితంలో అడుగు 22 రూపాయలు, కిరాయి మాదే అని ఉంది. కింద నా స్టాంపు, నా సంతకం. ఒక్క రేటులోనే 40 వేల తేడా, దాని మీద లారీల కిరాయి అదనం. బిల్డరు మోసగాడని నేను అనుకోవడం లేదు. ఆయన చేతికి వచ్చిన కాగితాన్ని ఆయన నమ్మాడు.

వర్డ్ ఫైలు నుంచి సంతకం తీసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదని తర్వాత నేనే చేసి చూసి తెలుసుకున్నాను. `.docx` అనేది నిజానికి ఒక జిప్ మూట. ఫైలు పేరు చివర `.zip` అని మార్చి తెరిస్తే లోపల `word/media` అనే ఫోల్డర్ ఉంటుంది. నేను అన్ని రాత్రులు కూర్చుని కడిగిన సంతకం, పారదర్శకతతో సహా, అందులో `image1.png` అనే పేరుతో సిద్ధంగా ఉంది. పీడీఎఫ్ చేస్తే ఆ బెడద ఉండదని అనుకునేవాళ్లున్నారు. అదీ నిజం కాదు. పీడీఎఫ్‌లోని బొమ్మలన్నిటినీ బయటికి తీసే ఉచిత ఆదేశం ఇదిగో:

```
pdfimages -png quotation.pdf bomma
```

కాగితాలు పట్టుకుని నంద్యాలలో తెలిసిన వకీలు దగ్గరికి పోయాను. పెద్దాయన. నా కొటేషన్ ప్రింటూ, బిల్డరు పంపిన కాగితం ప్రింటూ తీసుకుని, రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో జరుపుతూ చూశాడు. ఒకచోట రెండు సంతకాలూ కలిసిపోయి ఒక్కటయ్యాయి. తోక వంపు, మధ్యలో పెన్ను ఎత్తిన చోటు, కింద గీత పొడవు, ఏదీ వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"చూడబ్బీ, ఏ మనిషీ రెండుసార్లు ఒకే కొలతలో సంతకం పెట్టలేడు. ఇంత అచ్చంగా కలిసిందంటే ఇది అతికించిందే" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వెంటనే ఆయన, "ఇంకో పార్టీకి పంపిన కొటేషన్ ఏదైనా ఉందా, నువ్వు ఒప్పుకునేది?" అని అడిగాడు. ఇచ్చాను. దాన్నీ అద్దానికి ఆనించాడు. అదీ అలాగే కలిసింది. ఆ మాటకొస్తే మొదట ఇచ్చిన నా సొంత కొటేషన్ మీద ఉన్నదీ అతికించిందే కదా. అన్నీ ఒకే బొమ్మ.

"నువ్వు పెట్టిందీ అతికించిందే, వాడు పెట్టిందీ అతికించిందే. ఏది నీదో, ఏది కాదో సంతకాన్ని చూసి చెప్పమంటే నేనే కాదు, జడ్జీ కూడా చెప్పలేడు" అన్నాడు.

నా తప్పంతా ఆ అద్దం మీద కనిపించింది. పెన్నుతో పెట్టిన సంతకం ఆ కాగితానికే అంటుకుని ఉంటుంది. దాన్ని చూసే నిపుణుడికి ఒత్తిడి ఎక్కడ పెరిగిందో, పెన్ను ఎక్కడ ఆగిందో, ఏ గీత మీద ఏ గీత పడిందో సిరా చెబుతుంది. నా బొమ్మ ఏ కాగితానికీ చెందదు. అంతేకాదు, Levels లో నేను మురికి అనుకుని తీసేసిన ఆ లేత, ముదురు తేడాలే సిరా చెప్పే సాక్ష్యం. శుభ్రం చేస్తున్నాననుకుని సాక్ష్యాన్నే కడిగేసుకున్నాను.

అయితే బొమ్మ సంతకం పెట్టిన ఒప్పందం చెల్లదని కాదు. ఇది వకీలు నాకు గట్టిగా చెప్పిన విషయం. మన కాంట్రాక్టు చట్టంలో మామూలు అమ్మకం ఒప్పందానికి సంతకమే ఉండాలన్న నియమం లేదు. ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్, ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో దాన్ని చెల్లదనకూడదని చెబుతుంది. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల వివాదంలో 2010లో సుప్రీంకోర్టు, లాంఛనంగా సంతకాలు కాకపోయినా ఈమెయిళ్లలో షరతులన్నీ కుదిరితే ఒప్పందం కుదిరినట్టేనని తేల్చింది. తేడా అంతా రుజువు దగ్గర వస్తుంది. బొమ్మను చూపించి "ఇది ఫలానావాడు పెట్టిందే" అనేవాడు దాన్ని వేరే సాక్ష్యాలతో నిలబెట్టుకోవాలి. "నాది కాదు" అనేవాడికీ బొమ్మలో ఏ ఆధారమూ దొరకదు.

నన్ను సగమైనా కాపాడింది సంతకం కాదు, మెయిలు. నేను ఆ వర్డ్ ఫైలును వాట్సాప్‌లో కాకుండా మెయిల్లో పంపాను. పంపిన తేదీ, సమయం, 26 రూపాయల రేటున్న ఫైలు అలాగే పెట్టెలో ఉన్నాయి. అది చూపించాక బిల్డరు మెత్తబడ్డాడు. తేడాను చెరిసగం పంచుకుని రాజీ పడ్డాం. మధ్యవర్తి మాత్రం ఆ మార్పు ఎవరు చేశారో తనకు తెలియదన్నాడు. తెలియదన్న మాటను తప్పని చూపే ఆధారం నా దగ్గర లేదు.

అసలు ఎలక్ట్రానిక్ సంతకం అంటే ఏమిటో అప్పుడు చదువుకున్నాను. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం, దాని రెండో షెడ్యూల్లో రాసిన పద్ధతుల్లో చేసిన ధ్రువీకరణే ఎలక్ట్రానిక్ సంతకం. యూఎస్‌బీ టోకెన్‌తో పెట్టే డిజిటల్ సంతకం ఈ కోవలోకి వస్తుంది. 2015లో ఆధార్ ఓటీపీతో పెట్టే ఈ-సైన్‌ను కూడా చేర్చారు. కాగితం మీది సంతకాన్ని ఫోటో తీసిన బొమ్మకు ఆ షెడ్యూల్లో చోటు లేదు.

నా 26 రూపాయల కొటేషన్‌నే టోకెన్‌తో సంతకం చేసి ఉంటే ఏమయ్యేదో చెబుతాను. మొదట ఆ ఫైలులోని అక్షరాలన్నిటి నుంచీ కంప్యూటర్ ఒక గుర్తు లెక్కగడుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. విండోస్‌లో ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు:

```
certutil -hashfile quotation.pdf SHA256
```

ఫైలు ఒక పేజీ ఉన్నా వంద పేజీలున్నా 64 అక్షరాల ఒకే పొడవు గుర్తు వస్తుంది. 26ను 22గా మార్చి మళ్లీ కొట్టి చూడండి. మారింది ఒక్క అంకే అయినా గుర్తు మొదటి నుంచి చివరిదాకా వేరేగా వస్తుంది. టోకెన్ లోపల నా పేరుతో ఒక రహస్య తాళం ఉంటుంది. ఆ తాళం టోకెన్ దాటి బయటికి రాదు. హ్యాష్‌ను లోపలికి తీసుకుని, పిన్ కొట్టాక, ఆ తాళంతో ముడివేసి బయటికిస్తుంది. ఆ ముడే సంతకం. దానికి జతగా ఉండే బహిరంగ తాళంతో ఎవరైనా విప్పి చూడవచ్చు, కానీ కొత్తగా వేయలేరు. నా ముడిని తీసుకెళ్లి 22 రూపాయల కాగితం మీద పెడితే హ్యాష్‌లు కలవవు. అంటే ఈ సంతకం నాతో పాటు ఆ రేటుకూ కట్టుబడి ఉంటుంది. నా బొమ్మకు లేనిది సరిగ్గా ఇదే.

కోర్టులోనూ బరువు మారుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం, చట్టం చెప్పిన భద్రతా నియమాలతో పెట్టిన ఎలక్ట్రానిక్ సంతకం అయితే, అది ఆ మనిషి ఆ పత్రాన్ని ఆమోదించే ఉద్దేశంతో పెట్టిందేనని కోర్టు ముందుగా నమ్మి మొదలుపెడుతుంది. కాదనేవాడు కాదని చూపించుకోవాలి. పాత సాక్ష్య చట్టంలోనూ ఇదే పద్ధతి ఉండేది.

విచారం ఏమిటంటే, ఈ డిజిటల్ సంతకం మాట నా ఇంట్లోనే ఉంది. మీసేవ నుంచి తెచ్చుకున్న మా పొలం అడంగల్, 1బి బీరువాలో ఉన్నాయి. డిజిటల్ సంతకం చేసినది, చేతి సంతకం అక్కర్లేదు అన్న మాట వాటి మీదే అచ్చయి ఉంటుంది. దరఖాస్తు నంబరు పెట్టి వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చని కూడా ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చూశాను, ఆగి చదవలేదు. ఆ నంబరు ఎందుకంటే, డిజిటల్ సంతకం బతికేది ఫైల్లోనే. ప్రింటు తీయగానే కాగితం మీద మిగిలేది దాని బొమ్మ. ఆ ప్రింటును నమ్మాలంటే నంబరుతో వెనక్కి వెళ్లి అసలు రికార్డును చూడాలి.

ఫైలు చేతికొచ్చినప్పుడు కూడా "Digitally signed by" అన్న పెట్టె కనిపించగానే నమ్మకూడదు. ఆ పెట్టెనూ బొమ్మగా అతికించవచ్చు. అడోబ్ రీడర్‌లో దాని మీద నొక్కాలి. నిజమైన సంతకమైతే వివరాలు తెరుచుకుంటాయి, బొమ్మయితే ఏమీ జరగదు. ఈ-ఆధార్ తెరిచినప్పుడు పసుపు ప్రశ్నార్థకంతో "Validity Unknown" అని వస్తే చాలామంది అది నకిలీ అని భయపడతారు. సంతకం చెడిందని దాని అర్థం కాదు, ఇచ్చినవాడి సర్టిఫికెట్‌ను ఆ కంప్యూటర్ ఇంకా గుర్తుపట్టలేదని అర్థం. Signature Properties లో Show Signer's Certificate తెరిచి, వరుసలో అన్నిటికంటే పైన ఉన్నది CCA India అవునో కాదో చూసుకుని, Trust ట్యాబ్‌లో Add to Trusted Certificates కొట్టి మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. మన దేశంలో సర్టిఫికెట్లిచ్చే సంస్థలన్నిటికీ పైన ఉండే ప్రభుత్వ అధికారి పేరు అది. భయపడాల్సింది "At least one signature is invalid" అని వచ్చినప్పుడు. అప్పుడు ఆ ఫైలుతో ఏ పనీ చేయకండి, పంపినవాణ్ణి అడగండి.

నేనిప్పుడు టోకెన్ తీసుకున్నాను. పాన్, ఆధార్, ఫోన్లో చిన్న వీడియో, అంతే. రేటు, పరిమాణం, గడువు ఉన్న ప్రతి పత్రానికీ దాంతోనే సంతకం. టోకెన్ లేనప్పుడు ఆధార్ ఈ-సైన్ వాడతాను. దాని సర్టిఫికెట్ బతికేది 30 నిమిషాలే, తాళం ఒక్క సంతకానికే పుట్టి పోతుంది. బొమ్మ సంతకం నా కంప్యూటర్లో ఇంకా ఉంది కానీ పండగ శుభాకాంక్షల కార్డుల మీదికే పోతుంది.

ఒక మాట మాత్రం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మా వైపు చాలామంది టోకెన్ తీసుకుని, దాన్ని పిన్‌తో సహా లెక్కలు చూసేవాళ్ల దగ్గరే వదిలేస్తున్నారు. జీఎస్టీ కట్టే తేదీ వస్తే వాళ్లే చూసుకుంటారని. బొమ్మ విషయంలో నేను చేసిన తప్పుకు ఇది పెద్దన్న. బొమ్మను ఎవరైనా అతికిస్తే కనీసం "నాది కాదు" అనే వాదన మిగులుతుంది. టోకెన్‌తో పెడితే కోర్టు అది మీరు పెట్టిందేనని నమ్మి మొదలుపెడుతుందని పైన చెప్పాను కదా. తాళాన్ని తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత దాని సొంతదారుదేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. చేజారితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలపాలి. ఈ రోజే పోయి మీ టోకెన్ తెచ్చుకోండి. పిన్ మార్చండి. వాళ్లకు అవసరమైన రోజున ఎదురుగా కూర్చుని మీరే కొట్టండి.

ఇదంతా వ్యాపార పత్రాల మాట. వీలునామా విషయం వేరు. ఐటీ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లోనే పక్కన పెట్టింది, 2022లో ఆ షెడ్యూల్‌ను సవరించినప్పుడూ అది అక్కడే ఉంది. టోకెన్ ఉన్నా, ఈ-సైన్ ఉన్నా, వీలునామాకు కాగితం కావాలి, పెన్ను కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి.